మ్యాపు అంచున ఆగిపోయిన బోటు

మీరు ఒక మనిషిని తప్పకుండా కలవాలి. ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్లండి, ఆవిడ ఎక్కడికీ పోదు. హార్బరు వెనక వీధిలో చేపల కోల్డు స్టోరేజీ ఉంది, దాని పక్కనుంచి ఇనప మెట్లు. ఎక్కుతుంటే డీజిలు, కరుగుతున్న ఐసు, నానిన అట్టపెట్టెలు మూడూ కలిసిన వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. పై గదిలో ఆరు టేబుళ్లు. ఏసీ గాలి నేరుగా నెత్తిన పడే టేబులు దగ్గర, మండుటెండల్లో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చునే ఆవిడే. ఆఫీసంతా మ్యాపక్క అంటారు. సముద్రం మీద ఏ బోటు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది, తన గొడుగు ఎక్కడ పెట్టిందో మాత్రం చెప్పలేదు. ఇప్పటికి ఆ ఆఫీసులో మూడు గొడుగులు ఆవిడవే దుమ్ము పట్టి ఉన్నాయి.

ఆ ఆఫీసు చేసే పని చెప్పాలి. చేపల బోట్ల పైకప్పు మీద టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి బిగిస్తారు. అది గంటకోసారి తానెక్కడున్నదీ ఆకాశంలోని ఉపగ్రహానికి చెబుతుంది. ఆ సంగతి అక్కడినుంచి ఈ ఆఫీసుకు చేరుతుంది. వచ్చినవన్నీ మ్యాపు మీద చుక్కలుగా పెట్టి, వరుసగా కలిపి గీత గీస్తారు. బోటు ఇలా వెళ్లింది, ఇప్పుడు ఇక్కడుంది, అంతే. మ్యాపక్క ఉద్యోగంలో చేరినప్పుడు ఈ పెట్టెలూ లేవు, ఉపగ్రహమూ లేదు. రేడియోలో బోటు నడిపే సారంగులు అరిచి చెప్పే అంకెలను టైపు చేసే పని ఆవిడది. తర్వాత కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం ఎవరినీ బతిమాలకుండా తనే నేర్చుకుంది. ఇప్పుడు ఆ మ్యాపు మొత్తం ఆవిడ చేతి వంట.

ఆవిడకు తమ్ముడు ఒక్కడే. వాళ్లమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు, చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక వాడు బోటు ఇంజను మనిషి అయ్యాడు. గోళ్లలో గ్రీజు, నోట్లో ఎప్పుడూ ఏదో వెటకారం. పెళ్లయి నాలుగేళ్లు. భార్యకు వదినంటే తల్లి తర్వాత తల్లి, ఏదైనా ముందు వదినకు చెప్పాకే మొగుడికి చెప్పేది.

ఈసారి వేటకు వెళ్లే ముందు తమ్ముడు ఆఫీసుకొచ్చి అక్క టేబులు మీద కాళ్లు పెట్టినంత పని చేసి కూర్చున్నాడు. ఈ ట్రిప్పు చాలా దూరం, పెద్ద సముద్రం నడిబొడ్డుకి, తేదీ మారే గీత దాటి అవతలికి వెళ్తామన్నాడు. ఆ గీత దగ్గర నీళ్లకు రంగేమైనా తేడా ఉంటుందా అని అడిగాడు. ఆవిడ నవ్వి, టేబులు మీదున్న బిస్కెట్ల డబ్బా తీసుకుంది. డబ్బా చుట్టూ కాగితం చుట్టి ఉంటుంది కదా, రెండు కొసలు కలిసేచోట అతుకు ఉంటుంది. ఆ అతుకు మీదుగా చీమ నడిచిందనుకో, చీమకేం తెలుస్తుంది, ఒక్క అడుగు వేసిందంతే. అదే కాగితాన్ని ఊడదీసి బల్ల మీద పరిచావనుకో, చీమ కుడి అంచున మాయమై ఎడమ అంచున తేలుతుంది. భూమి డబ్బా, మ్యాపు ఊడదీసిన కాగితం. రేఖాంశాల లెక్కలు మధ్యలో సున్నాతో మొదలై కుడివైపు నూట ఎనభై దాకా, ఎడమవైపు మైనస్ నూట ఎనభై దాకా పోతాయి. ఆ రెండు నూట ఎనభైలూ ఒకే చోటు.

తమ్ముడు ఒక బిస్కెట్టు నోట్లో వేసుకుని, "అయితే నేను ఆ అతుకు దాటేటప్పుడు నీకు చెయ్యూపుతా, చూస్తూ ఉండు" అన్నాడు.

"ముందు ఆ టేబులు మీద గ్రీజు తుడిచి పోరా" అంది ఆవిడ.

అదే వాడితో ఎదురెదురుగా మాట్లాడిన ఆఖరి మాట.

తమ్ముడి బోటు యజమానికి ఇంకో బోటు ఉంది. అది రెండు వారాల ముందే బయల్దేరింది, కాబట్టి గీతను ముందు అదే దాటింది. దాటిన రోజున ఓనరు ఆఫీసు కింద హాల్లో గోడకున్న పెద్ద తెర మీద ఒక వింత కనపడింది. రోజూ మధ్యాహ్నం బోట్లవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు ఆ హాల్లోకి వచ్చి, తమ మనిషి ఎక్కడున్నాడో చూసుకుని పోతారు. ఆ రోజు చూస్తే, బోటు గీత తెర కుడి అంచుదాకా వెళ్లి, అక్కడినుంచి తాడు లాగినట్టు తెర మొత్తం అడ్డంగా, ఖండాలన్నిటి మీదుగా, ఎడమ అంచుకు గీసుకుపోయింది.

ఒకావిడ, మా ఆయన బోటు కొండలెక్కిందేమిటని నవ్వింది. సారంగు తల్లికి మాత్రం నవ్వు రాలేదు. ముసలావిడ గోడకానుకుని కూలబడి, ఒక్క గంటలో అంత దూరం ఎట్లా పోయాడు, ఏం ఈడ్చుకుపోయింది నా బిడ్డను అని ఒకటే ఏడుపు. దానికి తోడు ఆ పూటే ఓనరు దగ్గరికి ఎవరో పెద్ద కొనుగోలుదారులు వచ్చారట, తెర చూసి ముసిముసిగా నవ్వారట. ఓనరు ఫోను చేసి మ్యాపక్క ఆఫీసు మేనేజరును దులిపేశాడు. మేనేజరు ఆ దుమ్మంతా తెచ్చి మ్యాపక్క టేబులు దగ్గర దులిపాడు.

ఆవిడ అతనికి కూడా బిస్కెట్ల డబ్బా కథే చెప్పింది. బోటు ఒక గంట నూట డెబ్భై తొమ్మిది పాయింట్ తొమ్మిది దగ్గర ఉంది, మరుసటి గంటకు మైనస్ నూట డెబ్భై తొమ్మిది పాయింట్ తొమ్మిది. నిజానికి కదిలింది గోరంత. కానీ గీత గీసే ప్రోగ్రాముకు భూమి గుండ్రమని తెలీదు, దానికి అవి రెండు అంకెలే. ప్లస్ నుంచి మైనస్‌కు దగ్గరి దారి సున్నా మీదుగానే అనుకుంటుంది, అందుకే మ్యాపంతా అడ్డంగా గీస్తుంది. దీనికి మందుంది. ఒక చుక్కకీ దాని తర్వాతి చుక్కకీ తేడా నూట ఎనభై మించితే, ఆ తర్వాతి దానికి మూడువందల అరవై కలపాలి, తేడా అటువైపైతే తీసెయ్యాలి. అప్పుడు మైనస్ నూట డెబ్భై తొమ్మిది పాయింట్ తొమ్మిది కాస్తా నూట ఎనభై పాయింట్ ఒకటి అవుతుంది, గీత తెగకుండా ముందుకు సాగుతుంది. ఆ కలిపిందాన్ని తర్వాతి చుక్కలన్నిటికీ మొయ్యాలి. లేదా గీత నూట ఎనభైని తాకే చోటు లెక్కగట్టి అక్కడ కత్తిరించి, రెండో ముక్కను అవతలి అంచునుంచి మొదలుపెట్టాలి. రెండూ మంచివే.

మేనేజరు అడ్డంగా చెయ్యూపాడు. ఎన్ని గంటలు పడుతుందో చెప్పమన్నాడు. గీత గీసేది ఒక్కచోట కాదు, తెర, ఫోను, ఇంకా సముద్రంలో ఆపదొస్తే వెతికే రక్షణ కేంద్రానికి పంపే కాగితం, మూడు చోట్ల మార్చాలి, పరీక్షించాలి, రెండు రోజులు ఇవ్వండి అంది. మ్యాపు మధ్యను పెద్ద సముద్రం మీదికి జరిపితే సరిపోదా అని అడిగాడు. జరిపితే అతుకు ఇంకోచోటికి పోతుంది సార్, అతుకు ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే, అప్పుడు అటువైపు బోట్లు ఎగురుతాయి అంది ఆవిడ.

"చూడమ్మా, సాయంత్రం లోపల ఆ గీత నాకు కనపడకూడదు. సరైన పని సోమవారం చేసుకో, ఎవడు కాదన్నాడు?" అన్నాడు మేనేజరు.

ఆవిడ సరేనంది. ఏం చేసిందంటే, మూడు లైన్లు రాసింది. గంటలో ఐదు డిగ్రీలకు మించి దూకిన చుక్క వస్తే, అది పెట్టె పొరపాటు కింద లెక్క, పారెయ్. ఏ బోటూ గంటలో ఐదు డిగ్రీలు పోలేదు కాబట్టి వినడానికి న్యాయంగానే ఉంది. మూడు చోట్ల కాకుండా ఒక్కచోట పెడితే పోతుందని, చుక్కలు లోపలికొచ్చే గుమ్మం దగ్గరే పెట్టింది. అంటే పారేసిన చుక్కను ఎక్కడా దాచుకోరు, వచ్చినట్టే వచ్చి పోతుంది. తర్వాత ఆ మొదటి బోటు పాత దారిని, గీతకు ఇవతలి భాగాన్ని, చేత్తో చెరిపేసింది. తెర శుభ్రంగా కడిగిన పళ్లెంలా అయింది. మొదటి బోటు అప్పటికే అవతల ఉంది, దాని చుక్కలన్నీ మైనస్‌లోనే వస్తున్నాయి, ఒకదానికొకటి దగ్గరే. అందుకే అది చక్కగా కదులుతూనే ఉంది. పరీక్షా పాసయింది. ఓనరు మెచ్చుకున్నాడు, మేనేజరు ఆఫీసంతటికీ సమోసాలు తెప్పించాడు.

సోమవారం వచ్చింది. దానితోపాటే సర్వరు చెడిపోవడమూ వచ్చింది, ఆ తర్వాతి వారం ఇంకేదో. పని చేసేవాళ్లకు తెలుసు, సోమవారం అనే రోజు క్యాలెండరులో మాత్రమే ఉంటుంది. ఆ మూడు లైన్ల సంగతి ఆవిడ మర్చిపోయింది.

తమ్ముడి బోటు అతుకు దగ్గరికి వచ్చింది.

ఆ రోజు ఆవిడ చూసింది కూడా. కుడి అంచుకు వేలెడు దూరంలో ఉంది, వెళ్లి టీ తాగి వచ్చేసరికి అంచున నిలబడింది. మర్నాడూ అక్కడే. పక్కన పచ్చదీపం వెలుగుతూనే ఉంది, పెట్టె మాట్లాడుతోందని దాని అర్థం. ఎందుకంటే పచ్చదీపం చూసేది సందేశం వచ్చిందా లేదా అన్నదాన్నే, ఆ సందేశంలోని చుక్కను ఉంచుకున్నారా పారేశారా అన్నది దానికి అక్కర్లేదు. బోటులో ఉపగ్రహం ఫోను ఒకటుంది గానీ అది బయల్దేరిన వారానికే మూగబోయింది, అలా జరగడం వాళ్లకు మామూలే.

మరదలు ఫోను చేసి, వదినా, మనవాళ్లు కదలట్లేదేమిటి అని అడిగింది. ఆవిడ తెర వైపు చూసి, ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది:

"మంచి చోటు దొరికి ఉంటుందే అమ్మడూ. చేపలు బాగా పడుతుంటే ఎందుకు కదులుతారు? కడుపునిండా తిని పడుకో."

మరదలికి గుండెల మీద బరువు దిగింది. హాల్లో మిగతా ఆడవాళ్లకు కూడా చెప్పింది. బోటు ఎంతకాలం అక్కడే నిలబడితే అంత సంతోషించారు. ఓనరైతే ఐసు ఎక్కువ తెప్పించి పెట్టమన్నాడట.

అసలు జరిగింది వేరు. బోటు గీత దాటింది. దాటిన మొదటి చుక్క మైనస్‌లో వచ్చింది. దానికి ముందు దాచుకున్నది ప్లస్ నూట డెబ్భై తొమ్మిది పాయింట్ చిల్లర. తేడా మూడువందల యాభై చిల్లర. పొరపాటు కింద లెక్క, పారెయ్. తర్వాతి చుక్క వచ్చింది, దాన్ని కూడా ఆ పాత ప్లస్ చుక్కతోనే పోల్చింది, ఎందుకంటే దాచుకున్న ఆఖరి చుక్క అదే. పారెయ్. అలా ఒక్కటి పోయి ఆగలేదు, దాటాక వచ్చిన ప్రతి చుక్కా గుమ్మం దగ్గరే చచ్చింది. బోటు సముద్రంలో హాయిగా తూర్పుకు పోతోంది. మ్యాపులో అంచున శిలలా నిలబడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఓ ఉదయం పచ్చదీపం ఎర్రబడింది.

ఓనరు రక్షణ కేంద్రానికి చెప్పాడు. ఆఖరి చోటు ఎక్కడని వాళ్లడిగితే, ఆఫీసు నుంచి వెళ్లే కాగితమే వెళ్లింది, అందులో మ్యాపు అంచున ఆగిన అంకెలే ఉన్నాయి. గాలింపు ఓడ ఒకటి అటు బయల్దేరింది, ఒక విమానం కూడా వెళ్లింది. మ్యాపక్క ఆ పగలంతా మరదలి చెయ్యి పట్టుకుని ఆ హాల్లోనే కూర్చుంది. చోటు తెలుసు కదా, దొరుకుతారులే అని ఆవిడే అందరికీ ధైర్యం చెప్పింది. వాళ్లు ఆ చోటంతా గాలించారు. అక్కడ నీళ్లు తప్ప ఏం లేవు, నూనె తెట్టు కూడా లేదు.

ఆ మర్నాడు కూడా ఏమీ దొరకలేదని తెలిశాక ఆవిడ తన టేబులు దగ్గరికొచ్చి ఆఖరి చుక్క అంకెలను మొదటిసారి అంకెలుగా చదివింది. 179.97.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఎదుటి టేబులు కుర్రాడు నీళ్లు కావాలా అక్కా అని అడిగినా వినపడలేదు. ఆ మూడు లైన్లు తెరిచి చూసింది. రాసింది తనే, అక్షరం పొల్లు పోకుండా. ఇంకెవరి మీదికీ తొయ్యడానికి వీల్లేకుండా పక్కన తన పేరే ఉంది.

మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పింది. అతను లేచి గది తలుపు మూశాడు. పారేసిన చుక్కలు ఎక్కడైనా ఉంటాయా అని అడిగాడు. మన దగ్గర లేవు సార్, గుమ్మం దగ్గరే పోయాయి, ఉపగ్రహం కంపెనీవాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉంటాయి అంది. ఆ కంపెనీ భూమికి అవతలి వైపున ఉంది, అక్కడ అప్పుడు సెలవు. ఫోను ఎత్తిన మనిషి పద్ధతి ప్రకారం కాగితం పంపండి అన్నాడు. ఆవిడ పంపింది, మళ్లీ పంపింది, ఇంకో నంబరు వెతికి అక్కడ ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ పూట ఆవిడకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

చుక్కలు వచ్చాయి. మొదటి మైనస్ అంకె కనపడగానే ఆవిడ మూడువందల అరవై కలిపింది, దాని తర్వాతవాటికి అన్నిటికీ కలిపింది. నూట ఎనభై పాయింట్ సున్నా ఎనిమిది, నూట ఎనభై పాయింట్ రెండు. ఆ రెండు రోజుల పని చెయ్యడానికి ఆవిడకు పట్టింది ఒక పూట. గీత ఎక్కడా తెగలేదు, ఎక్కడా దూకలేదు. అతుకు మీదుగా చీమ నడిచినట్టే నడిచింది.

గీత మూడు రోజుల పాటు తిన్నగా తూర్పుకు పోయింది, ఇంజను బాగున్నట్టే. తర్వాత ఒక్కసారిగా వంకర తిరిగింది. గంటకూ గంటకూ మధ్య దూరం చిక్కిపోయింది. పడమరకి, కొంచెం కిందికి, మళ్లీ పడమరకి. ఆ నడక చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఇంజను పోయింది, నీటివాలుకు కొట్టుకుపోతున్నారు. ఆ వంకర గీత రెండు రోజులు ఉంది. ఆ రెండు రోజులూ మ్యాపులో పచ్చదీపం వెలుగుతోంది, కింద హాల్లో ఆడవాళ్లు చేపలు బాగా పడుతున్నాయని సంతోషిస్తున్నారు. గంట గంటకీ పెట్టె ఎక్కడున్నారో చెబుతూనే ఉంది. వినేవాళ్లే లేకపోయారు. గీత చివర కొస అలా వదిలేసినట్టుంది, దాని తర్వాత చుక్క లేదు.

ఆవిడ అంకెలను తనే రక్షణ కేంద్రానికి చదివి వినిపించింది. అటునుంచి మాట్లాడే ఆఫీసరు రెండుసార్లు రాసుకున్నాడు. ఇది మేం గాలించిన చోటుకు చాలా దూరం కదండీ, ముందెందుకు చెప్పలేదు అని మామూలుగానే అడిగాడు. ఆవిడ జవాబు చెప్పింది. అతను సరేనండీ అని ఫోను పెట్టేశాడు.

గాలింపు ఓడ అటు తిరిగింది. అక్కడికి చేరేసరికి గాలి పెరిగింది, అలలు పెరిగాయి. విమానానికి ఒక నారింజ రంగు రబ్బరు చక్రం కనపడింది, బోటు పేరు సగం చెరిగిపోయి ఉంది. ఇంకేం దొరకలేదు. కొన్నాళ్లకు గాలింపు ఆపేశారు. ఎందుకు మునిగిందో, మునిగితే దానంతటదే కబురు పంపే ఆపద పెట్టె ఎందుకు మోగలేదో, ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మొదటే సరైన చోటికి పోయుంటే దొరికేవారా అని ఆవిడ ఆ ఆఫీసరుకు మళ్లీ ఫోను చేసి అడిగింది. చెప్పలేమండీ అన్నాడు అతను. దొరికేవారు కాదు అని అతను అనుంటే ఆవిడకు ఎంతో కొంత నిద్ర పట్టేది.

ఇళ్లవాళ్లకు మాత్రం నీటివాలు వల్ల చోటు మార్చి వెతికారని చెప్పారు. అలా చెప్పమన్నది ఓనరు. మేనేజరు తలూపాడు. మ్యాపక్క ఆ మాటకు ఔననలేదు, కాదనలేదు, స్వెట్టరు చేతులు ముందుకు లాక్కుని కూర్చుంది.

మరదలు మాత్రం మధ్యాహ్నం మధ్యాహ్నం ఆ హాల్లోకి వస్తూనే ఉంది. బోటు బొమ్మ ఇంకా అంచునే ఉంది, దీపం ఎర్రగా. ఆ పిల్ల తెరకు దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. పక్కింటివాళ్లు ఎంత చెప్పినా ఆ చోటే తన మొగుడున్న చోటని గట్టిగా అనుకుంది. ఏ మూలో ఏదో దీవి ఉంటుందేమో వదినా అంటుంది. అక్కడ దీవి లేదని ఆ హాల్లో తెలిసిన ఒకే మనిషి ఆవిడ.

ఇప్పుడు మ్యాపక్క ముందున్న పని ఇది. సరిచేసిన ప్రోగ్రాము సిద్ధంగా ఉంది. వచ్చే వారం ఇంకో కంపెనీ బోట్లు మూడు ఆ గీత దాటబోతున్నాయి. ఆ మూడు లైన్లు తీసేసి కొత్తది పెట్టకపోతే అవి కూడా అంచున ఆగిపోతాయి. కొత్తది పెట్టాలంటే పెట్టాలి, అందులో వెనకాడేది లేదు. మేనేజరు గొంతు తగ్గించి ఒక్క మాటే అన్నాడు.

"పాత దారులు మళ్లీ గీయక్కర్లేదు. కొత్తవాటికే పెట్టు. ఆ బోటు అలాగే ఉండనీ. ఎవరికి లాభమమ్మా?"

నిజమే, ఎవరికి? ఆ వంకర గీత తెర మీద కనపడితే హాల్లో ఉన్న పదిమంది ఆడవాళ్లూ చదివేస్తారు, వాళ్లంతా బోట్లవాళ్ల ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లే. రెండు రోజులు కొట్టుకుపోయారని తెలుస్తుంది. తేదీలు ఉంటాయి. ఆ తర్వాత గాలింపు ఓడ మొదట ఎక్కడ వెతికిందో వాళ్లకు ముందే తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి చదువక్కర్లేదు. గీయకపోతే మరదలికి ఒక దీవి మిగులుతుంది. గీస్తే ఇంజను ఆగిన రెండు పగళ్లు, రెండు రాత్రులు మిగులుతాయి.

ఆవిడ ఆ పొద్దు ఏం తినలేదు. పాత చుక్కలన్నీ లోపలికి ఎక్కించింది. మ్యాపు మధ్యను పెద్ద సముద్రం మీదికి జరిపింది, అతుకు పక్కకు పోయి గీత తెర నడిమధ్య తెగకుండా కనపడేలా. ఆ అతుకు ఎక్కడ పడినా ఇక గీత దూకదు. బటను నొక్కింది. మెట్లు దిగి ఓనరు ఆఫీసు హాల్లోకి వెళ్లింది. మరదలి కుర్చీ పక్కన నిలబడింది.

తెర ఒకసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. బోటు బొమ్మ అంచున లేదు. మరదలు లేచి నిలబడింది. గీత వెంబడి వేలు పెట్టి నెమ్మదిగా నడిపించింది, అంచుండే చోటు దాటింది, ఇంకా ముందుకు, వంకర దగ్గర ఆగింది.

"ఇక్కడేమైంది వదినా?"

"ఇంజను ఆగింది."

వేలు మళ్లీ కదిలింది. వంకర గీత చివరి కొస దాకా వెళ్లి తిరిగి మొదటికొచ్చింది. ఆ పిల్ల పెదాలు కదుపుతూ తేదీలు చదువుకుంది. వెనకాల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"మరి వెతికేవాళ్లు ముందు ఆ అంచు దగ్గరెందుకున్నారు?"

అప్పుడు చెప్పింది ఆవిడ. అడ్డగీత, సాయంత్రం లోపల, మూడు లైన్లు, సోమవారం. మేనేజరు పేరు ఎత్తలేదు. డబ్బా, చీమ కథ చెప్పలేదు. నేనే అంది.

మరదలు ఏడవలేదు, తిట్టలేదు. ఆవిడ ముఖంలోకి చూసి ఒక్క మాట అంది.

"ఆ రోజు నువ్వే కదా చెప్పావు, చేపలు బాగా పడుతున్నాయని. కడుపునిండా తిన్నాను వదినా నేను."

తర్వాత సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ హాల్లోకి రాలేదు. ఫోనెత్తదు. వీధిలో ఎదురైతే అవతలి పక్కకు దాటుతుంది. ఆ మూడు బోట్లూ తర్వాతి వారం గీత దాటాయి, గీత చక్కగా సాగింది, ఎవరూ తల తిప్పి చూడలేదు. ఓనరు మ్యాపక్క ఆఫీసుతో పని మానేసుకున్నాడు. మేనేజరు మ్యాపక్కను తీసెయ్యలేదు గానీ పలకరించడం మానేశాడు. ఆవిడ ఇప్పటికీ ఆ ఏసీ కిందే కూర్చుంటుంది. బిస్కెట్ల డబ్బా టేబులు మీదే ఉంది, దాని పక్కన గ్రీజు మరక కూడా ఉంది, తుడవలేదు.

వెళ్లి కలవండి. ఆవిడ మిమ్మల్ని ఏమీ అడగదు, నేనే అడుగుతున్నాను. కొత్త బోట్లకు మాత్రమే సరిచేసి, ఆ ఒక్క బోటును అంచునే ఉండనిచ్చే వీలు మీ చేతిలో ఉంటే, ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం వచ్చి దాని ముందు కూర్చుంటుంటే, మీరైతే ఏం చేసేవారు?